మూడు అమాసల బిడ్డ

మా పాళేనికి నర్సమ్మ వస్తోందని సమితి ఆఫీసు నుంచి కబురొచ్చిన రోజున ఊరంతా సంతోషించింది. ఆమె వచ్చిన పదిహేను రోజులకే ఊరంతా ఆమె మీద కోపం పెట్టుకుంది. ఆ రెండూ నా కళ్ళ ముందే జరిగాయి. ఆమెకు ఇచ్చిన గది నేనుండే పెంకుటింట్లోనే, నా గదికి గోడవతల.

అది పందొమ్మిది వందల అరవై ఒకటి. విడవలూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలవ దాటి ఇసకలో రెండు మైళ్ళు నడిస్తే మా పట్టపుపాళెం. డెబ్బై గుడిసెలు, ఇరవై తెప్పలు, ఒక అంగడి, ఒక బడి. ఆ బడికి ఏకైక అయ్యవారిని నేను. పేరు పరంజ్యోతి. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరిచేల మధ్య పుట్టినవాణ్ణి, సముద్రపు గాలికి ఎప్పుడూ జిగటగా ఉండే చొక్కా వేసుకుని, ఎప్పుడు బదిలీ అవుతుందా అని ఎదురుచూస్తూ, అందరినీ విసుక్కుంటూ బతికేవాణ్ణి. నా కోపం ముక్కు మీద ఉంటుందని పిల్లలకే కాదు, వాళ్ళ తాతలకు కూడా తెలుసు.

ఆ నర్సమ్మ, మగ్దలీనమ్మ, అలా కాదు. ఆమెకప్పుడు ముప్పై ఆరో ముప్పై ఏడో. కోవూరు మనిషి. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోతే, మిషను ఆసుపత్రిలో చేరి పురుళ్ళు పోయడం నేర్చుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా "అట్టా అయింది, ఇట్టా వచ్చినా" అని రెండు ముక్కల్లో తేల్చేసేది. పొద్దున్నే సూదులు ఉడకబెడుతూ కీర్తనలు పాడేది. రాగానికీ ఆమెకూ ఉప్పూ నిప్పూ. నేను గోడ మీద తట్టేవాణ్ణి, ఆమె ఇంకాస్త గట్టిగా పాడేది. ఎండ్రకాయల కూరంటే ప్రాణం. తెల్లచీర ఇసకలో ఈడ్చుకుంటూ, తోలుపెట్టె చంకలో పెట్టుకుని, దారిలో కనిపించిన ప్రతి ఆడమనిషినీ ఏం వండావని అడుగుతూ నడిచేది. ఉన్నదానితో అంత సుఖంగా ఉండే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నిజం చెప్పాలంటే మొదట్లో అది చూసి నాకు ఒళ్ళు మండేది.

ఊరికి కోపం ఎందుకొచ్చిందంటే, ఆమె చంకలోని పెట్టె వల్ల. అందులో బిళ్ళలున్నాయి, సీసాలున్నాయి, సూదులున్నాయి. పెద్దవాళ్ళకు ఇస్తుంది, పిల్లలకిస్తుంది, పుండుకు కట్టు కడుతుంది. కానీ మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు వెచ్చగా ఉందని తెస్తే మాత్రం పెట్టె మూతైనా తీయదు. జ్వరం చూసే గాజుపుల్ల బిడ్డ చంకలో పెడుతుంది, నూటికి పైన రెండు చిన్నగీతలు ఎక్కిందంటే చాలు, "నెల్లూరికి పదండి, ఇప్పుడే" అంటుంది. నెల్లూరంటే పక్క వీధా? ఇసకలో రెండు మైళ్ళు, కాలవ మీద పడవ, అక్కణ్ణించి ఎద్దులబండి, విడవలూరులో బస్సు, కోవూరు మీదుగా పెన్న దాటాలి. సగం రోజు ప్రయాణం.

"పెట్టినిండా మందులు పెట్టుకోని, ఇయ్యనంటే ఏందమ్మా?" అని అంగడి ముత్యాలయ్య మొహానే అడిగాడు. "ఆ పెట్టి పిల్లి ముందర పెట్టిన ఉట్టా?"

"ఇయ్యాల్సినోళ్ళకి ఇస్తన్నా గదన్నా," అంది నవ్వుతూ. "పసిబిడ్డకి మాత్రం నేనియ్యను. నువ్వూ అమ్మబాక."

దాంతో ఆమెకు 'మందియ్యనమ్మ' అని పేరు పడింది. పిల్లలు బళ్ళో ఆ పేరుతో పాట కట్టారు. నేను బెత్తం తీశాను గానీ, లోపల నాకూ నవ్వొచ్చింది.

ఒకరోజు సాయంత్రం ఆమె అరుగు మీద కూర్చుని చేపలు తోముతుంటే నేనే అడిగాను. "సిస్టరుగారూ, కాస్త జ్వరం మందు ఇస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకండీ? వాళ్ళ తిట్లు మీకు సరదానా?"

ఆమె చేప తోమడం ఆపలేదు. "పెద్దోళ్ళకి రోగమొస్తే నొప్పంటారు, దగ్గుతారు, ఫలానా చోటని చూపిస్తారు. రెండు నెలల బిడ్డకి ఏం చేతనవుతుందయ్యవారూ? నెత్తుట్లో విషక్రిమి చేరినా, మెదడు మీది నీళ్ళలో చేరినా, ఉచ్చలో చేరినా, పైకి కనపడేది ఒక్కటే, ఒళ్ళు కాలడం. ఒక్కోసారి అది కూడా ఉండదు, ఒళ్ళు చల్లబడిపోతాది. అంత చిన్న ఒంట్లో క్రిమిని ఆపే కంచె ఇంకా లేచుండదు. ఒక పూటలో యాడికైనా పాకతాది. ఆ జొరం ఒక్కటే సాక్షి. మనం బిళ్ళేసి దాని నోరు మూసేస్తే డాక్టరు దేన్ని అడగాల?"

"మరి జలుబు వల్ల వచ్చిన జ్వరమైతే?"

"చానాసార్లు అదే అయ్యుంటాది. ఏది జలుబో, ఏది కాదో, పైన చూసి నేను చెప్పలేను. నెల్లూరి డాక్టరమ్మ కూడా చెప్పలేదు, పరీక్షలు చేసిందాకా." అప్పుడు మాత్రం చెయ్యి ఆపింది. "నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడు, వేరే ఊళ్ళో, నలభై రోజుల ఆడబిడ్డకి నేనే జొరం మందు పోసినా. గంటలో దిగింది. తల్లి నా చేతులు పట్టుకోని దండం పెట్టింది. నేను గూడా ఎంత గొప్పదాన్నో అనుకున్నా. మూడో రోజు ఆ బిడ్డ లేదు."

ఆమె లేచి చేపముక్కలు కడిగి, "ఈ పూట మీరు గూడా ఇక్కడే తినండి" అంది. ఆ రోజు నుంచి నేను గోడ మీద తట్టడం మానేశాను.

మరుసటి వారం ఆమె నన్ను ఒక సాయం అడిగింది. "నా మాట వినరు. మీరు బళ్ళో చెప్పండి, పిల్లకాయలు ఇంట్లో చెపతారు. మూడు నెలలు నిండని బిడ్డకి జొరమొస్తే తల్లిపాలు తప్ప నోట్లో ఏమీ పొయ్యకుండా డాక్టరు దగ్గరికి పోవాలని."

ఇక్కడే నేను నా తెలివి చూపించాను. ఆ పాళెంలో ఎవరికీ ఇంగ్లీషు నెలలతో పని లేదు. వాళ్ళకు సముద్రం పోటు తెలియాలి, పోటుకు అమావాస్య తెలియాలి. బిడ్డ వయసు కూడా అమాసల్లోనే చెప్పేవాళ్ళు. పుట్టిన బిడ్డకు ప్రతి అమాసకూ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తారు కాబట్టి ఎన్ని అమాసలైందో ఏ అవ్వనడిగినా తడుముకోకుండా చెబుతుంది. వాళ్ళ లెక్కలోనే చెబితే బుర్రకెక్కుతుందని, నల్లబల్ల మీద గుండ్రాయంత అక్షరాలతో రాశాను: 'మూడు అమాసలు దాటని బిడ్డకు జ్వరం వస్తే మందు వద్దు, డాక్టరు కావాలి.' పిల్లలు వారం రోజులు వల్లె వేశారు. ఊరంతా పాకింది. మగ్దలీనమ్మ కూడా "అబ్బా, అయ్యవారి బుర్రే బుర్ర" అంది. నేను రెండు రోజులు మీసం మీద చెయ్యి తీయలేదు.

అరవై మూడు ఫిబ్రవరిలో ఆ మీసం దిగింది.

చిన్నపోలయ్య అని తెప్ప ఉన్నవాడు, మంచివాడు, మాట తక్కువ. వాడి భార్య మస్తానమ్మకు తొలికాన్పు మగబిడ్డ. పురుడు పోసింది మగ్దలీనమ్మే. ఆ ఇంట్లో మాట మాత్రం చిన్నపోలయ్యదీ కాదు, మస్తానమ్మదీ కాదు. వాడి తల్లి చెంచమ్మది. చెంచమ్మవ్వ సరేనంటే తెప్ప సముద్రంలోకి పోతుంది, కాదంటే ఒడ్డున ఎండుతుంది.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మగ్దలీనమ్మ మామూలుగా బాలింతల్ని చూడ్డానికి బయల్దేరింది. ఆదివారం కావడంతో నేను కూడా అంగడి దాకా వెంట వెళ్ళాను. చెంచమ్మ గుడిసె ముందుకు రాగానే అవ్వే పిలిచింది.

"నర్సమ్మా, మా అబ్బోడికి నిన్న మాపటేళ జొరమొచ్చినాది. ఇప్పుడు తగ్గిపోయిందిలే. చూసిపో."

మగ్దలీనమ్మ నవ్వు మొహంలోనే ఆగిపోయింది. లోపలికి పోయి గాజుపుల్ల పెట్టింది. జ్వరం లేదు. బిడ్డ నిద్రపోతున్నాడు. మాడు మీద వేళ్ళు వేసి చూసింది, మెత్తగానే ఉంది. అరికాలి మీద వేలితో కొట్టింది. బిడ్డ ఒక్కసారి మూలిగి, ఏడుపు పూర్తి చేయకుండానే మళ్ళీ కళ్ళు మూశాడు.

"పాలు తాగినాడా మస్తానమ్మా?"

"రెండు గుక్కలు తాగి వదిలేసినాడక్కా. నిద్రమత్తులో ఉండాడు."

"జొరం దానంతట అదే తగ్గిందా?"

మస్తానమ్మ అత్తవైపు చూసింది. చెంచమ్మ ఏ మాత్రం జంకకుండా చెప్పింది. "తలనొప్పి బిళ్ళని నాలుగు చేసి, అందులో కాలుముక్క చనుబాలల్లో అరగదీసి మాపటేళొకసారి, తెల్లారి ఇంకోసారి పోసినాం. ముత్యాలయ్య అంగట్లోదే. అమాసలు లెక్కేసుకోనే పోసినాంలే. మూడు అమాసలూ దిష్టి తీసింది నేనే. మొన్ననే మూడోది దాటింది. అయ్యవారు బళ్ళో చెప్పిందదే గదా."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. మగ్దలీనమ్మ నా వైపు చూడలేదు. పెట్టెలోంచి పురుళ్ళ పుస్తకం తీసి పేజీ తిప్పింది. ఆ బిడ్డ పుట్టిన తేదీ చూసి, "అయ్యవారూ, ఇది అమాసకి ఎన్ని రోజుల ముందు?" అని నెమ్మదిగా అడిగింది.

వేళ్ళ మీద లెక్క వేశాను. రెండు రోజులు. పుట్టిన రెండో రోజునే మొదటి అమాస. అక్కణ్ణించి ముప్ఫై రోజులకొకటి, ఇరవై తొమ్మిది రోజులకు ఇంకొకటి. మూడో అమాస నాటికి బిడ్డకు అరవై ఒక్క రోజులు. ఇప్పుడు అరవై నాలుగు. మూడు అమాసలు చూసిన బిడ్డే, కానీ మూడు నెలలకు ఇంకా దాదాపు నెల తక్కువ. ఆ చిన్న లెక్క, నా బళ్ళో రెండో తరగతి పిల్లవాడు చేసే లెక్క, నేను నల్లబల్ల మీద రాసేముందు వేసి చూడలేదు.

"అవ్వా, బిడ్డని నెల్లూరికి తీసకపోవాల," అంది మగ్దలీనమ్మ.

"తగ్గిపోయినదానికి డాక్టరెందుకమ్మే?"

"తగ్గింది జొరం, రోగం కాదు. రోగముందో ల్యాదో బిళ్ళ ఏసినాక నాకు తెలిసే దారి ల్యాకుండా పోయింది. నిన్న మాపటేళ చూసుంటే జొరం చెప్పేది. ఇప్పుడు అది పలకదు. అదీగాక ఆ బిళ్ళ పెద్దోళ్ళది, ఇంత బిడ్డకి కాలుముక్క గూడా విషమే కావచ్చు. వీడు పాలు వదిలేసినాడు చూడు, అది నాకు బాగలేదు."

"మగోడు సముద్రంలో ఉండాడు. తిరిగొచ్చేసరికి కోడలూ బిడ్డా లేకపోతే ఏమనుకుంటాడు? బాలింత కాలవ దాటకూడదు గూడా." చెంచమ్మ చాప మీద సర్దుకుని కూర్చుంది. ఆమె అలా కూర్చుందంటే మాట అయిపోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు. గుడిసె ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. వెనకనుంచి ఎవరో, "మందియ్యనమ్మ మళ్ళీ మొదలుపెట్టింది" అన్నారు.

అప్పుడు నేను లోపలికి వెళ్ళాను. నా జీవితంలో అంతవరకూ ఎవరి ముందూ తప్పు నాదని చెప్పిన గుర్తు లేదు. ఇనస్పెక్టరు ముందు కూడా చెప్పలేదు.

"అవ్వా, తప్పు నాది," అన్నాను. "నర్సమ్మ మూడు నెలలంది. నేను దాన్ని మూడు అమాసలని మార్చి రాశాను. అదీ ఇదీ ఒకటి కాదు. నీ మనవడికి ఇంకా రెండు నెలలే. ఆమె మాట సరైంది, నా మాట తప్పు. వీడికేమన్నా అయితే నేను ఈ ఊళ్ళో తలెత్తుకోలేను."

చెంచమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆమెకు అరవై ఏళ్ళు, ఎంతమంది అయ్యవార్లను చూసి ఉంటుందో.

"అయ్యవారు తప్పొప్పుకోవడం నేను పుట్టి బుద్దెరిగినాక చూళ్ళేదు," అంది చివరికి. "అయితే ఇది చిన్న సంగతి కాదు." లేచి కొంగు దోపుకుంది. "మస్తానమ్మా, గుడ్డలు తీసుకో. పదండి."

ఎందుకో నాకు ఏడుపొచ్చింది. సముద్రం వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

మేం నలుగురమూ బిడ్డా బయల్దేరాం. దారి పొడుగునా మగ్దలీనమ్మ పెత్తనమే. మస్తానమ్మ చలిగాలి అని బిడ్డకు మూడు గుడ్డలు చుడితే రెండు తీసేయించింది, ఎక్కువ చుడితే ఆ వేడికే ఒళ్ళు కాలుతుందని. అలాగని పూర్తిగా విప్పనియ్యలేదు. పడవలో రొమ్ము పట్టించింది, బండిలో మళ్ళీ పట్టించింది, తాగింది ఎంతో చూసుకుంటూ ఉంది. ముత్యాలయ్య దగ్గర్నుంచి ఆ బిళ్ళ కాగితంతో సహా తెచ్చుకుంది. పడవలోనే ఒక చీటీ రాసింది. ఏ బిళ్ళ, ఎంత ముక్క, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు, పాలు ఎప్పుడు తగ్గాయి, ఉచ్చ పోసింది ఎన్నిసార్లు. "ఏం పోసినారో దాచి పెడితే డాక్టరమ్మకి కళ్ళకి గంతలు కట్టినట్టే" అంది. చెంచమ్మ ఆ చీటీ వైపు అదేదో తన మీద రాసిన ఫిర్యాదన్నట్టు చూసింది.

"నీ మీద కాదవ్వా," అంది మగ్దలీనమ్మ. "నువ్వు దాచకుండా చెప్పినావు. అదే వీడి అదృష్టం."

కోవూరు దాటి పెన్న వంతెన మీదికి బస్సు ఎక్కేసరికి బిడ్డ ఒళ్ళు మళ్ళీ కాలడం మొదలైంది. బిళ్ళ బలం దిగిపోయింది. గాజుపుల్ల నూటరెండు చూపించింది. మస్తానమ్మ గొల్లుమంది. చెంచమ్మ కొంగుముడిలోంచి ఇంకో కాలుముక్క బయటికి తీసింది. అంతదూరం దాన్ని ముడేసుకుని వచ్చింది! "ఇది పోస్తే దిగతాది గదమ్మా, డాక్టరు దగ్గరికి ఎట్టాగూ పోతన్నాం గదా," అంది దీనంగా. నేను అరవబోయాను. మగ్దలీనమ్మ నన్ను ఆపి, అవ్వ చేతిలోంచి ఆ ముక్క తీసుకుని బస్సు కిటికీలోంచి పెన్నలోకి విసిరేసింది.

"వాడు ఇప్పుడు మాట్లాడతన్నాడవ్వా. చెప్పనియ్యి," అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చీటీ మొత్తం చదివింది. బిడ్డ వయసు అరవై నాలుగు రోజులని ఉన్నచోట వేలు పెట్టి, ఇంకేం మాట్లాడకుండా లోపలికి తీసుకుపొమ్మంది. నెత్తురు తీశారు, ఉచ్చ పట్టారు, వెన్నులో సన్నసూది వేసి మెదడు నీళ్ళు తీయాలన్నారు. ఆ మాట వినగానే చెంచమ్మ గోడకు జారబడిపోయింది. వెన్నులో సూది పొడిస్తే బిడ్డ అవిటివాడవుతాడని ఆమె భయం. మగ్దలీనమ్మ పక్కన కూర్చుని, సూది వెన్నెముకలో ఎంత కిందికి వేస్తారో అవ్వ నడుము మీదే వేలు పెట్టి చూపించింది. "నరంతాడు అంతకంటే పైనే ఆగిపోతాది. కింద నీళ్ళే ఉంటాయి. నీళ్ళలో సూది దించితే తాడు తెగతాదా?" అంది. వలతాళ్ళతో బతికిన మనిషికి ఆ మాట అర్థమైంది. వేలిముద్ర వేసింది.

గంట తరవాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. వెన్నులోంచి వచ్చిన నీళ్ళు తేటగా లేవట, కాస్త మసకగా ఉన్నాయట. మెదడు పొరలకు క్రిమి పట్టింది, ఇప్పుడే మొదలు.

"ఇంకో రోజు ఆగి ఉంటే మూర్ఛలు వచ్చేవి," అంది. "అప్పుడు ఎవరికైనా తెలిసేది. కానీ అప్పటికి బతికినా చెవులో, కళ్ళో, బుద్ధో పోయేవి. మొదటి రోజు వచ్చారు కాబట్టి నా చేతికి దొరికాడు. ఎవరైనా ముందే సూదిమందు ఏదైనా వేశారా?"

"లేదండీ, తలనొప్పి బిళ్ళొక్కటే," అంది మగ్దలీనమ్మ.

"అదీ వెయ్యకూడదు. సూదిమందు అరకొరగా వేసి ఉంటే ఇంకా కష్టం. క్రిమి సగం చచ్చి దాక్కుంటుంది, పరీక్షలో దొరకదు. ఏ మందు వెయ్యాలో నాకు తెలిసేది కాదు."

మొదటి రెండు రోజులు బాగా లేవు. బిడ్డ పాలు పట్టలేదు, ముక్కులో గొట్టంతో పోశారు. చిన్నపోలయ్య మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. చేపల వాసనతో, ఒంటి మీద చొక్కా కూడా లేకుండా, వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. తల్లిని గానీ, పెళ్ళాన్ని గానీ, నన్ను గానీ ఒక్క మాట అనలేదు. నేను వాడికి నా తప్పు మొదటినుంచి చెప్పుకున్నాను. అంతా విని, "మీరు వచ్చినారు గదయ్యవారూ" అన్నాడు, అంతే. నన్ను రెండు దెబ్బలు కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

మూడో రోజు పొద్దున మస్తానమ్మ వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. "పట్టినాడక్కా! కరిచి పట్టినాడు! నొప్పి పుట్టేట్టు పట్టినాడు!" అని నవ్వుతూ ఏడుస్తూ చెప్పింది. మగ్దలీనమ్మ వరండాలోనే కీర్తన ఎత్తుకుంది. ఆసుపత్రిలో పాడకూడదని ఒక నర్సు వచ్చి చెప్పేదాకా ఆపలేదు. ఆమె రాగం ఆ రోజు నాకు బాగానే వినిపించింది.

ఇరవై ఒక్క రోజులు సూదులు వేశారు. బిడ్డ తిరిగొచ్చాక వెనకనుంచి గిలక్కాయ ఆడిస్తే తల తిప్పేవాడు. వాడు తల తిప్పిన ప్రతిసారీ చెంచమ్మ చుట్టుపక్కలవాళ్ళను పిలిచి మళ్ళీ ఆడించేది. బిడ్డకు పోలేరయ్య అని పేరు పెట్టారు. బారసాలకు మాకిద్దరికీ అరిటాకంత వంజరం ముక్కలు వేశారు.

మేం మాత్రం పాళేనికి తిరిగొచ్చిన రోజే ఆ లెక్క మళ్ళీ వేశాం. అమాస రోజునే పుట్టిన బిడ్డ దగ్గర్నుంచి అన్నీ వేసి చూశాం. నాలుగో అమాస దాటి, పడమట సన్నని నెలపొడుపు కనపడితే, ఆ బిడ్డ ఎప్పుడు పుట్టినా సరే, మూడు నెలలు నిండినట్టే. మగ్దలీనమ్మ నా కాగితం లాక్కుని తనే ఇంకోసారి వేసింది. నా లెక్కల మీద ఆమెకిక నమ్మకం లేదు, నాకు బాధా లేదు. నల్లబల్ల మీద కొత్తగా రాశాను. 'నాలుగో అమాస పోయి నెలపొడుపు చూడని బిడ్డకు ఒళ్ళు కాలినా, చల్లబడినా, పాలు మానినా, నోట్లో తల్లిపాలు తప్ప మందూ మాకూ ఏదీ వద్దు. డాక్టరు దగ్గరికి.' కింద నా సంతకం కూడా చేశాను. మూడు నెలలు దాటితే చాలు బిళ్ళ వెయ్యొచ్చని కాదు అర్థం, అప్పుడైనా నర్సమ్మను అడిగే వెయ్యాలి అని నోటితో చెప్పించాను. ముత్యాలయ్య జ్వరం బిళ్ళ అడిగినవాణ్ణల్లా "ఎవరికి? అమాసలెన్ని?" అని అడగడం మొదలుపెట్టాడు. నా తలనొప్పికి బిళ్ళ కొనడానికి పోతే నన్ను కూడా అడిగాడు.

మరుసటి ఏడు నాకు బదిలీ కాగితం వచ్చింది. దాన్ని రద్దు చేయించుకోవడానికి నేను పడ్డ తిప్పలు వేరే కథ. మగ్దలీనమ్మ నవ్వింది. "సముద్రం గాలి పడదన్నారే" అంది.

అరవై అయిదు వానాకాలంలో ఒకనాటి ఉదయం ఆమె విడవలూరు సమితి మీటింగు నుంచి అప్పుడే తిరిగొచ్చింది. మా పాళెం వెంకటశేషమ్మ మనవరాలికి, నలభై రోజుల పిల్లకు, పొద్దున్నుంచి ఒళ్ళు కాలుతోందని దారిలో ఎవరో చెప్పారట. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి పెట్టె చంకలో పెట్టుకుని పరిగెత్తింది. ఎక్కడ బిళ్ళ వేసేస్తారో, ఎక్కడ వానలో పోలేమని కూర్చుంటారో అని ఆమె భయం. నేనూ బడి వదిలి వెనకే వెళ్ళాను.

వెంకటశేషమ్మ గుడిసె తలుపుకు తాడు కట్టి ఉంది. లోపల ఎవరూ లేరు. పక్కింటి చూరు కింద చెంచమ్మ, పోలేరయ్యను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"యాడికి పోయినారవ్వా?" అని మగ్దలీనమ్మ రొప్పుతూ అడిగింది.

"నెల్లూరికే. తెల్లారి ఒళ్ళు కాలిందని తెలిసిన మరుచ్ఛణం పడవెక్కినారు. ఏమీ పొయ్యలా, చనుబాలే. చీటీ రాసేదానికి నువ్వు ల్యావని, ముత్యాలయ్య రాసిచ్చినాడు. నీకోసం ఆగమంటావా ఏంది?" అంది చెంచమ్మ.

మగ్దలీనమ్మ ఆ తాడు కట్టిన తలుపు ముందు వానలో అలాగే నిలబడిపోయింది. ఎంత పిలిచినా చూరు కిందికి రాలేదు. ఆమె మొహం మీద వానేదో, కన్నీళ్ళేవో నాకు తెలియలేదు.

మూడు రోజులు ఊరంతా కాలవ వైపు చూస్తూనే ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్ళు తిరిగొచ్చారు. వెంకటశేషమ్మ ముందు నడుస్తోంది, బిడ్డ ఆమె భుజం మీద కళ్ళు తెరుచుకుని ఉంది.

"పరీక్షలన్నీ చేసినారు. రెండు రోజులు కనిపెట్టి చూసినారు. ఏమీ లేదంట!" అని ఇంకా ఇసకలో ఉండగానే కేకవేసింది. "ఉత్త పడిశమంట!"

"ఇంతదూరం ఊరికే పోయొచ్చినారా?" అన్నాడు అరుగు మీదున్న ఒక ముసలాయన.

వెంకటశేషమ్మ నిలబడి, బిడ్డను ఆ భుజం మీదినుంచి ఈ భుజం మీదికి మార్చుకుంది.

"ఊరికే ఎందుకు పోతాం మావా? ఏమీ లేదనే మాట తెచ్చుకునేదానికే పోయినాం. తెచ్చుకున్నాం."